ఇచ్చేసిన కమీషన్ ఆస్తుల్లో ఎందుకుంది?

మా బాబాయి తెనాలిలో ముప్పై ఏళ్లు ఎరువుల కొట్టు నడిపాడు. కొట్టు అమ్మేశాక చేతికొచ్చిన డబ్బులో కొంత షేర్లలో పెట్టాడు. పొద్దున్నే ధర చూసుకుని ఊరుకునే మనిషి కాదు. కంపెనీ ఏటా వేసే నివేదికను ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని, కొట్టు చిట్టా చూసినట్టు చూస్తాడు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ నివేదిక తెచ్చి నా ముందు పెట్టాడు. ఆస్తుల పట్టికలో ఒక వరుస కింద గీత గీసి ఉంది. కాంట్రాక్టులు సంపాదించడానికి అయిన ఖర్చులు అని ఆ వరుస పేరు. ఎదురుగా కోట్లలో అంకె.

"ఇదేంట్రా? కమీషన్ ఇచ్చేశారు. పుచ్చుకున్నవాడు దాన్ని వాడేసుకుని కూడా ఉంటాడు. చేయి దాటిపోయిన డబ్బు ఆస్తి ఎట్లా అవుతుంది? ఖర్చును దాచి లాభం పెంచి చూపించడం కాదూ ఇది?"

నేను ఆడిట్ పనిలో ఉన్నాను కాబట్టి ప్రశ్న నన్నడిగాడు. అడగవలసిన ప్రశ్నే. ఆ వరుస ఒక్కోసారి సరైనదే, ఒక్కోసారి బాబాయి అనుమానించినట్టు లాభాన్ని ఉబ్బించేదీ కావచ్చు. తేడా ఎక్కడుందో ఆ మధ్యాహ్నం ఆయనకు చెప్పిందే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాను.

గుంటూరు మిర్చి యార్డు సంగతి బాబాయికి బాగా తెలుసు కాబట్టి అక్కణ్నించే మొదలుపెట్టాను. యార్డులో సరుకు అమ్ముడైన రోజే ఆ అమ్మకం పూర్తి. డబ్బు ఆ రోజు లెక్కలోదే, కమీషన్ కూడా ఆ రోజు లెక్కలోదే. ఇవాళ్టి కమీషన్ రేపటి అమ్మకానికి ఏమీ చేయదు. కాబట్టి ఆ కమీషన్‌ను ఖర్చుగా రాసి పద్దు మూసేస్తారు. ఇప్పుడు అమ్మకం ఒక్క రోజులో ముగిసేది కాదనుకోండి. కొనేవాడు మూడేళ్లపాటు సేవ అందుకుంటాను, ఏటా ఇంత కడతాను అని సంతకం పెట్టాడు. కంపెనీ మాత్రం ఆ సంతకం తెచ్చిన ఉద్యోగికి కమీషన్ మొదటి నెలలోనే ఇచ్చేసింది. మూడేళ్లు వచ్చే ఆదాయానికి ఒక్క నెలలో ఇచ్చిన కమీషన్ ఇది. మొత్తం మొదటి ఏడాదిలోనే ఖర్చు రాస్తే ఆ ఏడాది నష్టంలా కనిపిస్తుంది. తర్వాతి రెండేళ్లు కమీషన్ లేకుండానే ఆదాయం వచ్చినట్టు కనిపిస్తుంది. రెండూ నిజం కావు.

దీనికే లెక్కల ప్రమాణాల్లో ఒక నియమం ఉంది. మన దేశంలో అది ఇండ్ ఏఎస్ 115లో ఉంది. కస్టమర్లతో చేసుకున్న ఒప్పందాల ఆదాయాన్ని ఎలా లెక్కించాలో చెప్పే ప్రమాణం ఇది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15కి ఇది మన రూపం. ప్రధాన ఎక్స్ఛేంజీల్లో లిస్టయిన కంపెనీలు, లిస్టు కాకపోయినా నికర విలువ 250 కోట్ల రూపాయలు దాటిన కంపెనీలు, వాటి అనుబంధ సంస్థలు దీన్ని పాటించాలి. బ్యాంకుల దారి వేరు. చిన్న కంపెనీలు పాత ప్రమాణాల్లోనే ఉన్నాయి. అక్కడ ఇలాంటి నియమం లేదు కాబట్టి సాధారణంగా కమీషన్‌ను ఇచ్చిన ఏడాదే ఖర్చు రాసుకుంటారు.

నియమం చెప్పేది రెండు మాటలు. ఆ ఒప్పందం కుదరడం వల్లే పుట్టిన ఖర్చయి ఉండాలి. పెట్టిన ఖర్చు ఆ కస్టమర్ దగ్గర్నుంచి తిరిగి వస్తుందన్న నమ్మకం ఉండాలి. రెండూ కుదిరితే దాన్ని ఆస్తిగా రాసుకోవాలి. రాసుకోవచ్చు అని కాదు, రాసుకోవాలి. దీన్నే క్యాపిటలైజ్ చేయడం అంటారు. తర్వాత ఆ ఆస్తిని సేవ అందిస్తున్న కాలమంతా కొంచెం కొంచెంగా ఖర్చులోకి తరిగించుకుంటూ పోవాలి. అది అమార్టైజేషన్.

"ఒప్పందం వల్లే పుట్టిన ఖర్చు" అన్న మాటలోనే సగం తగాదా ఉంది. ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. లిస్టయిన ఓ కంపెనీ ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ అద్దెకిస్తుంది. రాజమండ్రిలో 60 పడకల నర్సింగ్ హోమ్ ఒకటి ఏటా 4 లక్షల చొప్పున మూడేళ్లకు, అంటే 12 లక్షలకు, సంతకం చేసింది. ఒప్పందం తెచ్చిన సేల్స్ ఉద్యోగికి కాంట్రాక్టు విలువలో 5 శాతం, 60,000 రూపాయలు కమీషన్. అతని పైన ఉన్న మేనేజరుకు అదే ఒప్పందం మీద 1 శాతం, 12,000. ఈ ఒప్పందం కోసం తిరిగిన రైళ్లకు, లాడ్జీలకు 18,000 అయింది. ఒప్పంద పత్రం చూసినందుకు బయటి లాయరుకు 15,000. సేల్స్ ఉద్యోగి రెండు నెలలు ఎక్కువగా దీని మీదే పనిచేశాడు కాబట్టి ఆ రెండు నెలల జీతం లక్ష. అంతా కలిపితే 2,05,000 రూపాయలు.

మొత్తాన్నీ ఆస్తిలో వేసేద్దాం అనిపిస్తుంది. అంతా ఆ ఒక్క కాంట్రాక్టు కోసం పెట్టిందేగా! అకౌంట్స్ విభాగాల్లో కొత్తగా చేరినవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పు చేస్తారు. నేను వాళ్లకు ఒక దృశ్యం ఊహించుకోమంటాను. నర్సింగ్ హోమ్ డాక్టరుగారు పెన్ను తీశారు. కాగితం మీద పెట్టబోయి, "వద్దులెండి" అని పెన్ను మూసేసి లేచి వెళ్లిపోయారు. ఆ క్షణాన కంపెనీ ఏ ఖర్చుల నుంచి తప్పించుకుంది? రైలు టికెట్ల డబ్బు వెనక్కి రాదు. లాయరు పత్రం చదివేశాడు, ఫీజు కట్టాల్సిందే. ఉద్యోగి జీతం సంతకం ఉన్నా లేకున్నా ఒకటో తారీఖున పడాల్సిందే. తప్పించుకున్నవి 60,000 కమీషన్, మేనేజరు 12,000 మాత్రమే. కాబట్టి 72,000 ఆస్తి. మిగిలిన 1,33,000 ఆ ఏడాది ఖర్చు.

మేనేజరు ఆస్పత్రి గడప తొక్కకపోయినా అతని 12,000 ఆస్తిలోకి రావడం చూసి బాబాయి ముఖం చిట్లించాడు. ఎవరు ఎంత కష్టపడ్డారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ సంతకం పడకపోతే ఆ డబ్బు పుట్టేదా అన్నదొక్కటే ప్రశ్న. అదే మేనేజరుకు ఏడాది చివర కంపెనీ లాభం, టీము పనితీరు, అతని వ్యక్తిగత పనితీరు అన్నీ చూసి యాజమాన్యం తన ఇష్టం మీద ఇచ్చే బోనస్ ఉంటుంది. అందులో ఈ కాంట్రాక్టు పాత్ర ఉన్నా, దాన్ని ఆస్తిలో వేయకూడదు. ఫలానా సంతకానికి ఫలానా రూపాయి అని ముడి పెట్టలేం కాబట్టి. లాయరు విషయంలోనూ ఇదే తర్కం తిరగబడి పనిచేస్తుంది. కాంట్రాక్టు కుదిరితేనే ఫీజు, లేకపోతే పైసా వద్దు అని ముందే మాట్లాడుకున్న లాయరైతే ఆ ఫీజు ఆస్తిలోకి వస్తుంది.

ఆడిట్‌లో నన్ను ఎక్కువసార్లు ఆపింది ఇంకో రకం కమీషన్. సగం ఇప్పుడిస్తాం, మిగతా సగం ఏడాది తర్వాత, నువ్వు అప్పటికి ఉద్యోగంలో ఉంటేనే అని షరతు పెడతారు. రెండో సగం కేవలం సంతకం వల్ల పుట్టింది కాదు. అతను ఏడాదిపాటు ఉద్యోగం చేయడం వల్ల కూడా పుట్టింది. ఆ షరతు నిజంగా బరువైనదైతే ఆ సగం జీతంలాంటిదే. ఏడాది పొడుగునా ఖర్చు రాయాలి. ఇది పట్టుకోవాలంటే లెడ్జరు చూస్తే చాలదు. సేల్స్ వాళ్లకిచ్చిన కమీషన్ స్కీము కాగితం తెప్పించుకుని షరతులు చదవాలి. చాలా కంపెనీల్లో ఆ కాగితం అకౌంట్స్ వాళ్ల కంటపడనే పడదు, హెచ్ఆర్ దగ్గరే ఉండిపోతుంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే గీత కాస్త వదులైతే ఏమవుతుందో లోకం ఒకసారి చూసింది. 1990ల నడుమ అమెరికాలో ఏఓఎల్ అనే కంపెనీ ఇంటర్నెట్ కనెక్షన్లు అమ్మేది. ఇంటింటికీ ఫ్లాపీలు, సీడీలు ఉచితంగా పంపేది. ఎవరికో పంపితే వాళ్లలో కొందరు చేరేవాళ్లు. ఆ పంపిన ఖర్చంతా చందాదారులను సంపాదించిన ఖర్చు అని ఆస్తిగా రాసుకుంది. 1995 జులై నుంచి దాన్ని 24 నెలలపాటు తరిగించడం మొదలుపెట్టింది. ఆస్తి పెరిగిపోతూ వచ్చింది. 1996లో ఇక ఆ పద్ధతి వద్దనుకుని 38.5 కోట్ల డాలర్లను ఒక్కసారిగా ఖర్చుగా కొట్టివేసింది. అక్కడి షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ దీని మీద చర్య తీసుకుంది. 2000 మే నెలలో తప్పు ఒప్పుకోకుండానే, కాదనకుండానే ఏఓఎల్ 35 లక్షల డాలర్ల జరిమానా కట్టి ఆ లెక్కలు తిరగరాయడానికి అంగీకరించింది. ఖర్చును అప్పటికప్పుడే రాసి ఉంటే 1995, 1996 ఆర్థిక సంవత్సరాల్లో లాభం చూపిన త్రైమాసికాలు నష్టాల్లో కనిపించేవి. మొత్తం 8 త్రైమాసికాల్లో లాభం చూపినవి 6.

ఆ సీడీలకు పెన్ను పరీక్ష పెట్టి చూడండి. పది ఇళ్లకు పంపితే తొమ్మిది ఇళ్లవాళ్లు చెత్తబుట్టలో వేసినా ఆ ఖర్చు జరిగిపోయిందే. ఇవాళ్టి నియమం కింద అది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. టీవీ ప్రకటనలు, హోర్డింగులు, వెబ్‌సైట్ అన్నీ అంతే.

ఆస్తి ఎంతో తేలాక దాన్ని ఎన్నేళ్లలో తరిగించాలన్నది అసలు చిక్కు. నా అనుభవంలో లాభం ఎక్కువగా అటూఇటూ కదిలేది ఇక్కడే. చూడగానే జవాబు సులువనిపిస్తుంది. ఒప్పందం మూడేళ్లు, కాబట్టి 72,000ను మూడుతో భాగించి ఏటా 24,000. కానీ నియమం అడిగేది ఒప్పందం ఎన్నేళ్లు అని కాదు. ఈ కమీషన్ ఏ సేవలకు సంబంధించింది అని. నర్సింగ్ హోమ్ మూడేళ్లయ్యాక రెన్యువల్ చేసుకుంటుందని కంపెనీకి అనుభవం మీద తెలిస్తే, ఇవాళ ఇచ్చిన కమీషన్ ఆ తర్వాతి మూడేళ్లకూ పనికొస్తున్నట్టే.

అది తేల్చడానికి ఒక కీలకం ఉంది. రెన్యువల్ రోజున మళ్లీ ఎంత కమీషన్ ఇస్తారో చూడాలి. మళ్లీ 12 లక్షల కాంట్రాక్టుకు మళ్లీ 72,000 ఇస్తే, మొదటి కమీషన్ మొదటి మూడేళ్లకే సరిపోయిందని అర్థం. అప్పుడు ఏటా 24,000 సరైన లెక్క. మన కంపెనీ మాత్రం రెన్యువల్‌కు 9,000 మాత్రమే ఇస్తుంది. అంటే మొదటి 72,000లో ఆ కస్టమర్‌ను ముందు ముందు నిలుపుకున్న విలువ కూడా కలిసే ఉంది. కాబట్టి ఆ 72,000ను రెన్యువల్ కాలంతో కలిపి, అనుకున్న కస్టమర్ ఆయుష్షంతా తరిగించాలి. రెన్యువల్‌కు పని తక్కువ, అందుకే కమీషన్ తక్కువ, కాబట్టి రెండూ సమానమే అని కొందరు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. పోల్చాల్సింది శ్రమను కాదు, కాంట్రాక్టు విలువకు కమీషన్ నిష్పత్తిని. ఒకచోట 6 శాతం, ఇంకోచోట 0.75 శాతం. సమానం కావు.

కస్టమర్లు సగటున ఆరేళ్లు ఉంటారని కంపెనీ లెక్క తేల్చిందనుకుందాం. 72,000ను ఆరుతో భాగిస్తే ఏటా 12,000. నాలుగో ఏడు మొదట్లో ఇచ్చే 9,000 రెన్యువల్ కమీషన్ ఆ మూడేళ్లదే కాబట్టి ఏటా 3,000. మొదటి మూడేళ్లు ఏటా 12,000, తర్వాతి మూడేళ్లు ఏటా 15,000. అన్నీ కలిపితే ఇచ్చిన 81,000 సరిగ్గా తేలుతుంది. మూడేళ్ల పద్ధతిలో వెళ్లినా ఆరేళ్లకు అదే 81,000 తేలుతుంది. కాకపోతే మొదటి మూడేళ్లు ఏటా 24,000, ఆపైన 3,000 చొప్పున పడుతుంది. మొత్తం మారలేదు, ఏ ఏడాది ఎంతన్నది మారింది. ఒక్క ఒప్పందానికి ఏటా 12,000 తేడా. ఇలాంటివి 500 ఉంటే ఏటా 60 లక్షలు. షేరు ధర లాభం మీద ఊగే చోట అది చిన్న సంగతి కాదు.

ఆ ఆరేళ్లన్న అంకె ఎక్కణ్నించి వచ్చిందని బాబాయి అడిగాడు. అడగాల్సినదీ అదే. కంపెనీ దగ్గర పాత కస్టమర్ల జాబితా ఉంటుంది. ఎప్పుడు చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది చూసి సగటు తీస్తారు. దాని పక్కన సాఫ్ట్‌వేర్ ఆయుష్షు కూడా పెట్టుకోవాలి. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఐదారేళ్లకోసారి మళ్లీ మొదటినుంచి రాస్తుంటే, కస్టమర్ పదేళ్లు ఉన్నా ఇవాళ అమ్మినది పదేళ్లు బతకదు. పుట్టి రెండేళ్లయిన కంపెనీ ఒకటి, తన కస్టమర్లలో ఏటా 5 శాతమే మానేస్తున్నారు, అంటే ఒక్కొక్కరు 20 ఏళ్లు ఉంటారు అని లెక్క చూపిందనుకోండి. భాగహారం తప్పు కాదు. కానీ రెండేళ్ల అనుభవంతో ఇరవై ఏళ్ల జోస్యం చెబుతోంది. అక్కడ ఆడిటరు ఒప్పుకోకూడదు. మన హైదరాబాద్‌లోనూ పెద్ద ఆఫీసున్న అమెరికా కంపెనీ సేల్స్‌ఫోర్స్ కొత్త ఒప్పందాల కమీషన్‌ను నాలుగేళ్లలో తరిగిస్తానని తన నివేదికల్లో చెప్పుకుంటూ వచ్చింది. మామూలుగా ఒప్పందాల గడువు అంతకన్నా తక్కువే అయినా, రెన్యువళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ కాలం వస్తుందని వివరణ ఇచ్చింది. ఎన్నేళ్లు, ఎందుకన్నేళ్లు అని రెండూ చెప్పడమే పాఠకుడికి కావాలి.

ఇక్కడే ఒక వెసులుబాటు ఉంది, దాని వెనకే ఒక గుంట కూడా ఉంది. ఆస్తిని తరిగించాల్సిన కాలం ఏడాది లేదా అంతకన్నా తక్కువైతే, ఈ బాదరబందీ లేకుండా కమీషన్‌ను వెంటనే ఖర్చు రాసేసుకోవచ్చు. దీన్ని చూసి, మా ఒప్పందాలన్నీ ఏడాదివే, మాకీ గొడవ లేదు అని చాలామంది తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు. నియమంలో ఉన్నది ఒప్పందం గడువు కాదు, తరిగించాల్సిన కాలం. ఏడాది ఒప్పందమే అయినా, కస్టమర్లు ఏటా రెన్యువల్ చేసుకుంటూ ఐదేళ్లు ఉంటుంటే, రెన్యువల్‌కు కమీషన్ ఏమీ ఇవ్వకపోతే, తరిగించాల్సిన కాలం ఐదేళ్లు. ఆ వెసులుబాటు వాళ్లకు దొరకదు. రెన్యువల్‌కు కూడా మొదటంతే ఇచ్చేవాళ్లకే దొరుకుతుంది.

ఏటా సమానంగా తరిగించడమే ఎప్పుడూ దారి అనుకోకూడదు. సేవ ఎలా అందితే తరుగు అలా ఉండాలి. సాఫ్ట్‌వేర్ రోజూ ఒకేలా అందుతుంది కాబట్టి సమాన వాయిదాలు. హైదరాబాద్‌లో కట్టే అపార్టుమెంటు సంగతి వేరు. కోటి రూపాయల ఫ్లాటు బుక్ చేయించిన ఏజెంటుకు బిల్డరు 2 శాతం ఇచ్చాడనుకుందాం. 2 లక్షలు. కొన్నవాడికి తాళాలు చేతికొచ్చేది మూడేళ్లకు. ఒప్పందం షరతులను బట్టి ఇల్లు అప్పగించినప్పుడే ఆదాయం రాసుకునే బిల్డరైతే, ఆ 2 లక్షలు మూడేళ్లూ ఒక్క రూపాయి తగ్గకుండా ఆస్తుల్లో కూర్చుంటాయి. తాళాలిచ్చిన రోజున కోటి ఆదాయంలోకి, 2 లక్షలు ఖర్చులోకి ఒక్కసారే వస్తాయి. అదే ప్రాజెక్టు కోసం రోడ్డు పక్కన పెట్టిన హోర్డింగు ఖర్చు మాత్రం పెట్టిన ఏడాదే పోతుంది. మోడల్ ఫ్లాటు చూపించడానికి కూర్చున్న సేల్స్ సిబ్బంది జీతాలూ అంతే. ఇళ్లు ఒక్కటీ అప్పగించని ఏడాది బిల్డరు లెక్కల్లో నష్టం కనిపించడానికి ఇదీ ఒక కారణం.

కమీషన్ ఆస్తిగా ఉన్నంతకాలం అది బతికే ఉందా అని ఏటా చూడాలి. రాజమండ్రి నర్సింగ్ హోమ్ దగ్గరికే వద్దాం. రెండేళ్లయ్యాక ఆస్తి 72,000లో 24,000 పోగా 48,000 మిగిలింది. ఆస్పత్రి మూతపడి సేవ వద్దంది అనుకుందాం. ఆ 48,000ను మిగిలిన నాలుగేళ్లకు పంచుకుంటూ కూర్చోవడానికి లేదు. ఆ రోజే మొత్తం కొట్టేయాలి. ఉద్యోగి దగ్గర్నుంచి కమీషన్ వెనక్కి తీసుకునే షరతు ఉంటే ఆ వచ్చేది మాత్రం తగ్గించుకోవచ్చు.

పూర్తిగా మూసేయడం కన్నా సగం సగం వదిలేయడం ఎక్కువ జరుగుతుంది. ఆస్పత్రి ఇంకో ఏడాదే ఉంటానంది, అదీ 4 లక్షలు కాదు 1,50,000 మాత్రమే ఇస్తానంది, కంపెనీ సరేనంది. ఆ ఏడాది వాళ్లకు సేవ అందించడానికి నేరుగా అయ్యే ఖర్చు 1,20,000. అంటే రావలసినదాంట్లో మిగిలేది 30,000. ఆస్తిగా పెట్టుకున్నది 48,000. ఇక తిరిగి రాని 18,000ను ఇంపెయిర్‌మెంట్ నష్టంగా వెంటనే రాయాలి. మిగిలిన 30,000ను ఆ ఒక్క ఏడాదిలో తరిగించాలి. తర్వాత పరిస్థితి మెరుగైతే మన ప్రమాణం ప్రకారం ఆ నష్టాన్ని కొంత వెనక్కి తిప్పుకోవచ్చు. అమెరికా ప్రమాణంలో ఆ అవకాశం లేదు.

చెప్పినంత తేలిగ్గా ఇది జరగదు. కస్టమర్ మానేసిన కబురు సేల్స్ వాళ్ల దగ్గర ఉంటుంది, ఆస్తి పద్దు అకౌంట్స్ వాళ్ల దగ్గర ఉంటుంది. మధ్యలో ఎవరూ చెప్పకపోతే, ఎప్పుడో వెళ్లిపోయిన కస్టమర్ కమీషన్ ఏళ్ల తరబడి ఆస్తుల్లోనే ఉండిపోతుంది. నేనొకసారి ఒక కంపెనీలో ఆస్తి పద్దులోని పేర్లను ఆ నెల బిల్లులతో పక్కపక్కన పెట్టి చూశాను. బిల్లు వెళ్లని పేర్లు డజనుకు పైగా దొరికాయి. వాళ్లెవరూ ఇప్పుడు కస్టమర్లు కారు. ఆ పోలికకు ఒక పూట పట్టింది. అంతకు ముందు రెండేళ్లుగా అది ఎవరూ చేయలేదు.

బాబాయి ఇదంతా విని, నివేదిక వెనక భాగంలో ఉన్న నోట్సు తెరిచాడు. కంపెనీ ఏ ఖర్చులు ఆస్తిగా రాసుకుందో, ఎన్నేళ్లకు, ఏ పద్ధతిలో తరిగిస్తోందో, ఏడాది చివర ఎంత మిగిలిందో, ఆ ఏడాది ఎంత తరిగిందో, నష్టంగా ఎంత కొట్టేసిందో అక్కడ చెప్పాలి. ఆయన పెన్సిల్‌తో చివరి నిల్వను ఆ ఏడాది తరుగుతో భాగించాడు. దాదాపు ఐదొచ్చింది.

"కొత్త కమీషన్ ఏమీ కలపకపోతే ఉన్నది తరగడానికే ఐదేళ్లు పడుతుంది. మరి వీళ్లు కస్టమర్ ఉండేది నాలుగేళ్లని పైన రాసుకున్నారు కదరా?"

నేను మళ్లీ చూశాను. నిజమే. కస్టమర్ సగటు కాలం నాలుగేళ్లని విధానం చెప్పే చోట ఉంది. నాలుగేళ్లలో తరిగేదైతే, అందులో కొంత ఇప్పటికే తరిగి ఉంటుంది కాబట్టి భాగహారంలో నాలుగుకన్నా తక్కువే రావాలి. ఐదు రావడానికి ఒక మంచి కారణం ఉండవచ్చు. ఏడాది చివరి నెలల్లో ఒప్పందాలు వెల్లువలా వచ్చాయనుకోండి. అప్పుడు నిల్వ ఒక్కసారి పెరుగుతుంది, తరుగు మాత్రం ఆ ఏడాదికి ఒకటి రెండు నెలలదే పడుతుంది. ఆ మాటే బాబాయికి చెప్పాను.

"అట్లా అయితే అమ్మకాల్లోనూ కనపడాలిగా," అంటూ ఆయన ఒప్పందాల కింద ఇంకా అందించాల్సిన సేవల విలువ చెప్పే నోటు కోసం పేజీలు తిప్పాడు. ఆ విలువ పోయినేడాది కన్నా పెద్దగా పెరగలేదు. పెన్సిల్ మళ్లీ ఆ వరుస కింద రెండో గీత గీసింది. కంపెనీ కార్యదర్శికి ఉత్తరం రాయాలి, ఏం అడగాలో చెప్పు అన్నాడు. వసారాలో కూర్చుని ఇద్దరం మూడు ప్రశ్నలు రాశాం. రెన్యువల్‌కు ఎంత కమీషన్ ఇస్తున్నారు, నాలుగేళ్లన్న లెక్క ఏ కస్టమర్ల మీద తీశారు, మానేసినవాళ్ల పద్దులు ఎప్పుడెప్పుడు కొట్టేస్తున్నారు అని.